జూన్ వాయిదాను తూచేది మార్చి లెక్క: చిన్న వ్యాపారి ముందస్తు పన్ను, దానిపై పడే వడ్డీ

ముందస్తు పన్ను వాయిదాల్లో చాలామంది చిన్న వ్యాపారులను తికమకపెట్టే విషయం ఒకటుంది. జూన్ 15న కట్టిన వాయిదా సరిపోయిందా లేదా అన్నది జూన్‌లో వ్యాపారి వేసుకున్న అంచనాను బట్టి తేలదు. మరుసటి మార్చి 31తో ఖాతాలు ముగిసి, రిటర్నులో చూపిన చివరి ఆదాయాన్ని బట్టి తేలుతుంది. అంచనా ఎంత నిజాయతీగా వేసినా, ఏడాది చివర లాభం పెరిగితే వెనక్కి వెళ్లి జూన్ వాయిదానూ ఆ పెరిగిన లెక్కతోనే తూస్తారు. ఈ ఒక్క సూత్రం అర్థమైతే వడ్డీ ఎందుకు పడిందో, ఎక్కడ తప్పించుకోవచ్చో సులువుగా తెలుస్తుంది.

ముందుగా నియమం ఏమిటో చూద్దాం. ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చే ఆదాయంపై పడే పన్నును లెక్కగట్టి, అందులోంచి టీడీఎస్, టీసీఎస్ మొత్తాలను తీసేయగా మిగిలేది 10,000 రూపాయలు లేదా అంతకు మించి ఉంటే ఆ మొత్తాన్ని ఆ సంవత్సరంలోనే నాలుగు వాయిదాల్లో కట్టాలి. జూన్ 15 నాటికి 15 శాతం, సెప్టెంబర్ 15 నాటికి 45 శాతం, డిసెంబర్ 15 నాటికి 75 శాతం, మార్చి 15 నాటికి నూరు శాతం చేరాలి. ఇవి విడివిడి వాయిదాల శాతాలు కావు, ఆ తేదీ వరకు కట్టిన మొత్తం కలిపి చేరుకోవాల్సిన మెట్లు. కాబట్టి జూన్‌లో తక్కువ కట్టినవారు సెప్టెంబర్‌లో ఎక్కువ కడితే సెప్టెంబర్ మెట్టు దాటినట్టే, జూన్ లోటు మాత్రం జూన్ లోటుగానే మిగిలిపోతుంది. మార్చి 15 తర్వాత, మార్చి 31 లోపు కట్టినది కూడా ముందస్తు పన్నుగానే లెక్కకు వస్తుంది. ఈ చివరి వాక్యానికి ఎంత విలువ ఉందో కింది లెక్కలో కనిపిస్తుంది.

కొత్త పన్ను విధానంలో 2025-26 సంవత్సరానికి మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే, అందులో ప్రత్యేక రేట్లు వర్తించే ఆదాయం లేకపోతే, రిబేటు వల్ల పన్ను సున్నా అవుతుంది. అక్కడ వాయిదాల ప్రశ్నే రాదు. సెక్షన్ 44ఏడీ కింద టర్నోవరులో నిర్ణీత శాతాన్ని లాభంగా చూపే వ్యాపారులకు నాలుగు వాయిదాల బాధ లేదు, మొత్తం పన్నును మార్చి 15 లోపు ఒకేసారి కడితే చాలు. అయితే ఈ సౌకర్యాన్ని నమ్ముకుని మూడు వాయిదాలు వదిలేసినవారు ఒక చిక్కులో పడే అవకాశం ఉంది. టర్నోవరు 2 కోట్ల పరిమితిని, నగదు వసూళ్లు 5 శాతం మించనివారికైతే 3 కోట్ల పరిమితిని, ఫిబ్రవరిలోనో మార్చిలోనో దాటిందంటే 44ఏడీ ఆ ఏడాదికి వర్తించదు. అప్పుడు జూన్ నుంచీ నాలుగు వాయిదాలు కట్టి ఉండాల్సిందన్న లెక్కే నిలుస్తుంది. పరిమితికి దగ్గరగా నడిచే వ్యాపారానికి సెప్టెంబర్ నుంచే టర్నోవరును గమనిస్తూ ఉండడం తప్పనిసరి.

వడ్డీ రెండు రకాలు. వాయిదాలు ఆలస్యమైనందుకు, లేదా తగ్గినందుకు పడేది సెక్షన్ 234సి వడ్డీ. ఇది ఆర్థిక సంవత్సరం లోపలి సంగతి. ఏడాది మొత్తం మీద కట్టిన ముందస్తు పన్ను 90 శాతానికి చేరనందుకు పడేది సెక్షన్ 234బి వడ్డీ. ఇది ఏప్రిల్ 1 నుంచి మొదలవుతుంది. రెండూ నెలకు 1 శాతం చొప్పున పడే బారు వడ్డీలే, వడ్డీ మీద వడ్డీ వేయరు. ఒకే లోటుపై మార్చి వరకు 234సి, ఏప్రిల్ నుంచి 234బి వేసినా అది రెండుసార్లు వడ్డించడం కాదు, ఎందుకంటే రెండూ వేర్వేరు కాలాలకు సంబంధించినవి.

ఇక ఒక ఉదాహరణను వివరంగా చూద్దాం. ఇనుప గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేసే ఒక ఫ్యాబ్రికేషన్ షాపు యజమానిని ఊహించుకుందాం. టర్నోవరు 3 కోట్లు దాటడంతో 44ఏడీ వర్తించదు, కాబట్టి నాలుగు వాయిదాలూ ఉన్నాయి. 2025 జూన్‌లో ఆయన ఆ ఏడాది లాభం 15 లక్షలు ఉంటుందని అంచనా వేసుకున్నారు. కొత్త విధానంలో ఆ ఆదాయంపై పన్ను 1,05,000, దానిపై 4 శాతం సెస్సు 4,200, వెరసి 1,09,200. కాంట్రాక్టు పనులు చేయించుకునే బిల్డర్లు బిల్లుల నుంచి 9,200 టీడీఎస్ కోస్తారని లెక్కవేస్తే మిగిలేది సరిగ్గా లక్ష. అందులో 15 శాతం, అంటే 15,000 రూపాయలు, జూన్ 15 లోపు కట్టేశారు. ఆయన దృష్టిలో పైసా బాకీ లేదు.

సెప్టెంబర్ నాటికి పనులు పెరిగాయి. తాను కట్టాల్సిన నికర పన్ను 1,20,000 ఉంటుందని ఆయన అంచనా సవరించుకున్నారు. అందులో 45 శాతం 54,000. అప్పటికే 15,000 కట్టి ఉన్నందున మిగిలిన 39,000 కట్టారు. డిసెంబర్‌లోనూ అదే అంచనాతో 75 శాతానికి, అంటే 90,000కు చేరేలా మరో 36,000 కట్టారు. మార్చి 15 లోపు చివరి 30,000 కట్టి 1,20,000 పూర్తిచేశారు. ఇక్కడికి వాయిదాల పని ముగిసిందనుకున్నారు.

ఏప్రిల్‌లో ఖాతాలు ముగించాక లాభం 18 లక్షలుగా తేలింది. ఈ తేడా ఊహకందనిదేమీ కాదు. మార్చి చివరి వారంలో అందించిన పెద్ద పనికి బిల్లు వేశారు, డబ్బు మాత్రం మేలో వచ్చింది. వాణిజ్య పద్ధతిలో ఖాతాలు రాసేవారికి బిల్లు వేసిన రోజే ఆదాయం పుట్టినట్టు లెక్క, బ్యాంకు ఖాతాలో డబ్బు పడిన రోజు కాదు. దానికి తోడు షాపులో మిగిలిన ఉక్కు సరుకు ముగింపు విలువ అనుకున్నదానికంటే ఎక్కువగా తేలింది. చిన్న తయారీ సంస్థగా నమోదైన ఒక సరఫరాదారుకు చట్టం ఇచ్చిన గడువు దాటినా ఏడాది చివరకు చెల్లించని బిల్లు ఒకటి ఉంది. దాన్ని సెక్షన్ 43బి(హెచ్) ప్రకారం ఆ సంవత్సరపు ఖర్చుగా ఒప్పుకోరు, కాబట్టి పన్నుకు లోబడే లాభం ఖాతా పుస్తకంలోని లాభం కంటే మరికొంత పెరిగింది. ముందస్తు పన్ను చాలకపోవడానికి అసలు కారణాలు చాలాసార్లు ఇవే. చేతికి డబ్బు వచ్చిందా లేదా అని చూసి పన్ను అంచనా వేసుకునే అలవాటు దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

18 లక్షలపై పన్ను 1,60,000, సెస్సు 6,400, వెరసి 1,66,400. బిల్డర్లు ఏడాది మొత్తంలో కోసిన టీడీఎస్ 16,400. తీసేస్తే నికరంగా 1,50,000. ఇప్పుడు అన్ని వాయిదాలనూ ఈ లక్షన్నర కొలతతోనే తూస్తారు.

జూన్ 15 నాటికి 15 శాతం ప్రకారం 22,500 ఉండాలి, ఉన్నది 15,000. ఇక్కడ చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. మొదటి వాయిదాలో 12 శాతం వరకు కట్టి ఉంటే వడ్డీ వేయరు. 1,50,000లో 12 శాతం 18,000. ఆయన కట్టింది దానికంటే తక్కువ కనుక వెసులుబాటు దక్కదు. అది దక్కనప్పుడు లోటును 12 శాతం నుంచి కాక, పూర్తి 15 శాతం నుంచే లెక్కిస్తారు. కాబట్టి లోటు 3,000 కాదు, 7,500. దానిపై మూడు నెలలకు 3 శాతం చొప్పున వడ్డీ 225 రూపాయలు.

సెప్టెంబర్ 15కు 45 శాతం అంటే 67,500 ఉండాలి, ఉన్నది 54,000. చూడడానికి 13,500 లోటు. కానీ రెండో వాయిదాకూ ఇలాంటి వెసులుబాటే ఉంది, 36 శాతం చేరితే చాలు. లక్షన్నరలో 36 శాతం సరిగ్గా 54,000. కట్టింది దానికి తగ్గలేదు కనుక ఈ మెట్టు దగ్గర వడ్డీ సున్నా. ఒక్క రూపాయి తక్కువై ఉంటే 13,500కు పైగా లోటుపై 3 శాతం, అంటే 405 రూపాయలు పడేవి. ఈ గీత దగ్గర ఒక రూపాయికీ ఇంత తేడా వస్తుంది కనుక, అంచనాకు సరిగ్గా కాక కొంచెం పైకే కట్టడం మేలు.

డిసెంబర్ 15కు ఏ వెసులుబాటూ లేదు. 75 శాతం అంటే 1,12,500 ఉండాలి, ఉన్నది 90,000. లోటు 22,500, మూడు నెలలకు వడ్డీ 675. మార్చి 15కు పూర్తి 1,50,000 ఉండాలి, ఉన్నది 1,20,000. లోటు 30,000, అయితే ఈ చివరి మెట్టుకు ఒక్క నెల వడ్డీయే కనుక 300. మొత్తం 234సి వడ్డీ 225, 675, 300 కలిపి 1,200 రూపాయలు. తన అంచనా ప్రకారం ఒక్క వాయిదా కూడా తప్పని మనిషికి ఈ వడ్డీ పడింది.

ఇది అన్యాయం కాదా అని అడగవచ్చు. మూలధన లాభం, లాటరీ, డివిడెండు వంటివి ముందుగా ఊహించలేనివని చట్టమే ఒప్పుకుంది. అవి వచ్చిన తర్వాత మిగిలిన వాయిదాల్లో, వాయిదాలేవీ మిగలకపోతే మార్చి 31 లోపు, వాటిపై పన్ను కడితే వెనకటి వాయిదాల లోటుకు 234సి వడ్డీ వేయరు. వ్యాపార ఆదాయం మొట్టమొదటిసారి పుట్టిన సందర్భానికీ ఈ మినహాయింపు ఉంది. కానీ ఇప్పటికే నడుస్తున్న వ్యాపారంలో ఏడాది రెండో సగంలో లాభం పెరిగితే దానికి అలాంటి మినహాయింపు లేదు. వ్యాపారానికీ డివిడెండుకూ ఈ తేడా ఎందుకుండాలన్నది న్యాయమైన ప్రశ్నే. దీపావళి తర్వాతో, పెళ్లిళ్ల సీజన్‌లోనో ఎక్కువ సంపాదించే వ్యాపారాలకు ఈ పద్ధతి నిజంగానే భారం. అయితే పొరపాటు లేదన్న వాదనతో ఈ వడ్డీ రద్దు కావడం కష్టం. 234ఎ, 234బి, 234సి వడ్డీలు తప్పనిసరి స్వభావం గలవని సుప్రీంకోర్టు 2001లో అంజుమ్ ఘాస్వాలా కేసులో స్పష్టం చేసింది. వాటి మినహాయింపుకు ఉన్న దారి చాలా ఇరుకు.

ఇక 234బి. ఇక్కడ చూసేది ఒక్కటే, మార్చి 31 నాటికి కట్టిన ముందస్తు పన్ను నికర పన్నులో 90 శాతానికి చేరిందా అని. 1,50,000లో 90 శాతం 1,35,000. మన వ్యాపారి కట్టింది 1,20,000. చేరలేదు కనుక వడ్డీ పడుతుంది, అదీ 90 శాతానికి తగ్గిన 15,000పై కాదు, మొత్తం లోటు 30,000పై. ఏప్రిల్ 1 నుంచి బాకీ కట్టే నెల వరకు నెలకు 1 శాతం. నెలలో ఒక్క రోజు పడినా పూర్తి నెల కిందే లెక్క. ఆయన జూలై 20న స్వీయ మదింపు పన్ను కట్టి రిటర్ను వేశారనుకుంటే ఏప్రిల్, మే, జూన్, జూలై కలిపి నాలుగు నెలలు, వడ్డీ 1,200. వెరసి రెండు సెక్షన్ల కిందా 2,400 రూపాయలు.

ఇప్పుడు మార్చి 31 సంగతికి వద్దాం. మార్చి 16 నుంచి 31 మధ్య ఆయన తన పుస్తకాలను ఒకసారి తాత్కాలికంగా ముగించి చూసుకుని, మరో 15,000 మాత్రమే కట్టారనుకుందాం. మొత్తం 1,35,000 అవుతుంది, సరిగ్గా 90 శాతం. అప్పుడు 234బి వడ్డీ పూర్తిగా పోతుంది. మిగిలిన 15,000ను జూలైలో కట్టినా దానిపై 234బి వడ్డీ ఉండదు. అదే 1,34,000 వద్ద ఆగి ఉంటే 16,000పై నాలుగు నెలల వడ్డీ 640 పడుతుంది. ఇంత పదునైన గీత వాయిదాల వ్యవస్థలో మరొకటి లేదు. అయితే మార్చి 15 దాటి కట్టినందున చివరి వాయిదాకు పడిన 300 రూపాయల 234సి వడ్డీ మాత్రం అలాగే ఉంటుంది.

ఈ లెక్కల నుంచి వడ్డీ తీరు మరొకటి కూడా తెలుస్తుంది. మొదటి మూడు వాయిదాలకు 234సి వడ్డీ గంపగుత్తగా మూడు నెలలది. జూన్ 15న కట్టాల్సింది జూన్ 16న కట్టినా, సెప్టెంబర్ 10న కట్టినా 3 శాతమే. ఒక్క రోజు ఆలస్యానికి మూడు నెలల వడ్డీ పడడం కఠినంగా తోచినా, గడువు తప్పిపోయాక కంగారుపడి అప్పు తెచ్చి కట్టడం వల్ల ఆ వాయిదా వడ్డీ తగ్గదని కూడా దీని అర్థం. తర్వాతి మెట్టుకు సిద్ధపడడమే ఉపయోగం. 15వ తేదీ బ్యాంకు సెలవు రోజైతే మరుసటి పనిదినాన కట్టినా వడ్డీ ఉండదని ప్రత్యక్ష పన్నుల బోర్డు ఎప్పుడో స్పష్టతనిచ్చింది. వడ్డీ లెక్కించే లోటులో నూరు లోపు చిల్లరను వదిలేస్తారు, అంటే లోటు 7,560 అయితే వడ్డీ 7,500 మీదే. ఆదాయపు పన్ను శాఖకు కట్టిన ఈ వడ్డీని వ్యాపార ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదు.

టీడీఎస్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పన్ను కోయాల్సిన ఖాతాదారు కోయకుండానే బిల్లు మొత్తం చెల్లించేస్తే, ‘నా టీడీఎస్ వారు కోయాల్సి ఉంది’ అంటూ ఆ మొత్తాన్ని ముందస్తు పన్ను అంచనా నుంచి తీసేయకూడదు. 2012 నుంచి చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. మన ఉదాహరణలో బిల్డర్లు 16,400 కోయకుండా ఇచ్చి ఉంటే ముందస్తు పన్నుగా కట్టాల్సింది లక్షన్నర కాక 1,66,400 అయ్యేది. కాబట్టి ప్రతి వాయిదాకు ముందు ఫారం 26ఏఎస్ తెరిచి ఎవరు నిజంగా టీడీఎస్ జమ చేశారో చూసుకున్నాకే లెక్క వేయాలి.

కట్టేటప్పుడు జరిగే తప్పులు కూడా వడ్డీకి దారితీస్తాయి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో `e-Pay Tax` తెరిచాక 2025-26 ఆర్థిక సంవత్సరపు వాయిదాకు మదింపు సంవత్సరంగా `2026-27` ఎంచుకోవాలి, పన్ను రకంగా `Advance Tax (100)` ఎంచుకోవాలి. పొరపాటున `Self Assessment Tax (300)` ఎంచుకుంటే, డబ్బు మార్చి 31 లోపే చేరినా రిటర్నును యంత్రాలు పరిశీలించేటప్పుడు దాన్ని ముందస్తు పన్నుగా గుర్తించకపోవచ్చు. నోటీసులో అనుకోని 234బి వడ్డీ కనిపిస్తే మొదట చూడాల్సింది ఇదే. చలానా దిద్దుబాటుకు పోర్టల్‌లో దారి ఉన్నా దానికి గడువు తక్కువ, కట్టిన రోజే రసీదు చదువుకుంటే ఆ శ్రమ ఉండదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో ఇక్కడ చెప్పిన సెక్షన్ల సంఖ్యలు మారతాయి. వాయిదాల తేదీలు, శాతాలు మాత్రం మారవు.

అధికారుల మదింపులో ఆదాయం పెరిగినప్పుడు ఈ రెండు వడ్డీలూ వేరు దారులు పడతాయి. 234సి రిటర్నులో చూపిన ఆదాయంపై ఆధారపడుతుంది కనుక మదింపులో లాభం పెంచినా అది పెరగదు. 234బి మాత్రం మదింపైన పన్నుపై ఆధారపడుతుంది. అందువల్ల రెండేళ్ల తర్వాత అధికారి ఏదైనా ఖర్చును తోసిపుచ్చి లాభం పెంచితే, ఏప్రిల్ 1 నుంచి ఆ మదింపు రోజు వరకు వడ్డీ మళ్లీ లెక్కకు వస్తుంది. పెద్ద మొత్తాల్లో వడ్డీ పడేది సాధారణంగా ఇక్కడే.

రిటర్నుకు ముందు స్వీయ మదింపు పన్ను కట్టేటప్పుడు చాలామంది అసలును మాత్రమే కడతారు. మన వ్యాపారి జూలై 20న 30,000 మాత్రమే కట్టారనుకుందాం. చట్టం ప్రకారం ఆ డబ్బు ముందు రుసుముకు, తర్వాత వడ్డీకి, ఆ మిగిలింది పన్నుకు జమ అవుతుంది. 2,400 వడ్డీకి పోగా పన్నుకు జమయ్యేది 27,600. ఇంకా 2,400 పన్ను బాకీ నిలిచిపోతుంది, దానిపై ఆగస్టు నుంచి 234బి వడ్డీ సాగుతూనే ఉంటుంది. పన్నుతో పాటు ఆ నెల వరకు పడిన వడ్డీని కూడా కలిపి 32,400 ఒకేసారి కడితేనే ఖాతా అక్కడితో ముగుస్తుంది.